ఈల భాష, డోలు భాష: మాటలోని ఏ ధ్వనులు మిగులుతాయి?

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో తరాలుగా ఉన్నాయి. రాత్రివేళ ఊరు సద్దుమణిగిన తరువాత రైలింజను కూత అర్పా నది దాటి అవతలి ఒడ్డున ఉన్న సర్కండా వరకు వినిపిస్తుంది. ఆ కూతకు అర్థం ఉంటుంది. లెవెల్ క్రాసింగును సమీపిస్తున్నప్పుడు డ్రైవరు విడవకుండా పొడవుగా కూత వేస్తాడు. మూడు పొట్టి కూతలు వేస్తే గార్డు బ్రేకులు వేయాలని అర్థం.

అయితే ఈ కూతలను భాష అనవచ్చునా? 2022లో రైల్వే శాఖ గార్డు అనే పదవి పేరును ట్రైన్ మేనేజర్‌గా మార్చింది. పేరు మారినా మూడు కూతలు మూడుగానే ఉన్నాయి. వాటిని విన్న ఉద్యోగి మాతృభాష తెలుగైనా, హిందీ అయినా, ఛత్తీస్‌గఢీ అయినా అర్థంలో తేడా రాదు. ఇంజను కూతకూ నోటి మాటలోని ధ్వనులకూ సంబంధం లేకపోవడమే ఇందుకు కారణం. అది ముందుగా కుదుర్చుకున్న సంకేతం మాత్రమే.

ప్రపంచంలో కొన్ని సమాజాలు ఇంతకంటె భిన్నమైన పని చేస్తాయి. అవి తాము మాట్లాడే భాషనే ఈలగా వేస్తాయి, లేదా డోలుపై వాయిస్తాయి. అక్కడ పదం మారితే ఈల మారుతుంది. ముందెన్నడూ ఎవరూ అనని వాక్యాన్ని కూడా ఈలతో పలకవచ్చు. నోటి మాటలో ఉండే పదుల కొద్దీ ధ్వనిభేదాలు ఒక ఈలలోనో రెండు దెబ్బలలోనో ఇమడవు కనుక కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయి. ఏది నిలవాలన్నది ఆ భాష స్వభావాన్ని బట్టి తేలుతుంది.

గొంతు స్థాయి ఒకటి, నోటి ఆకారం మరొకటి

మనిషి మాటలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. గొంతులోని స్వరతంత్రులు కంపించి ధ్వనిని పుట్టిస్తాయి. ఆ కంపన వేగాన్ని బట్టి గొంతు హెచ్చుగానో తగ్గుగానో వినిపిస్తుంది. ఆ ధ్వని నోటిలోంచి వెలువడేటప్పుడు నాలుక, పెదవులు, దవడ కలిసి ఏర్పరచిన ఆకారం దానికి అచ్చు రూపాన్నిస్తుంది. ఒకే శ్రుతిలో ‘ఆ’ అని, ‘ఈ’ అని పాడగలగడం ఈ రెండు పనులూ వేరు వేరు కావడం వల్లనే సాధ్యమవుతుంది.

ఈలకు ఆ వెసులుబాటు లేదు. ఈల వేసేటప్పుడు స్వరతంత్రులు కంపించవు. ఏ క్షణంలోనైనా ఒకే ఒక స్థాయి వినిపిస్తుంది. కనుక ఆ ఒక్క స్థాయితో గొంతు హెచ్చుతగ్గులను చూపాలో, నోటి ఆకారపు మార్పులను చూపాలో ఎంచుకోక తప్పదు.

మెక్సికోలోని వహాకా రాష్ట్రంలో నివసించే మజతెక్ ప్రజలు మొదటి మార్గాన్ని అనుసరిస్తారు. వారి భాషలో గొంతు స్థాయిని బట్టి పదం అర్థమే మారిపోతుంది. అటువంటి భాషలను టోన్ భాషలు అంటారు; చైనీస్ కూడా ఈ కోవలోనిదే. మజతెక్ ఈల మాటలోని స్థాయిని మాత్రమే తీసుకొని అచ్చులను, హల్లులను చాలావరకు వదిలివేస్తుంది. భాషావేత్త జార్జ్ కోవన్ 1948లో దీనిపై వ్యాసం ప్రచురించారు. గుడిసె ముందు నిలబడిన మనిషి, దారిన సరుకు మోసుకుపోతున్న మరొకరితో ఈలతోనే బేరమాడి ధర తేల్చుకోవడాన్ని ఆయన వర్ణించారు. ఇద్దరిలో ఎవరి నోటినుంచీ ఒక్క మాట వెలువడలేదు. ఈల వేసేది పురుషులే అయినా, స్త్రీలకు కూడా అది అర్థమవుతుందని ఆయన గమనించారు. అది వారి భాషే కనుక అందులో ఆశ్చర్యం లేదు.

స్పానిష్, టర్కిష్ టోన్ భాషలు కావు. తెలుగు కూడా కాదు. ‘వచ్చాడు’ అన్న మాటను గొంతు పెంచి అంటే ప్రశ్న అవుతుంది తప్ప వేరే పదం కాదు. ఇటువంటి భాషలలో గొంతు స్థాయిని ఈలగా మలిస్తే ప్రశ్నో జవాబో తెలుస్తుంది కాని, దేని గురించో తెలియదు. అందుచేత స్పెయిన్‌కు చెందిన కానరీ దీవులలోని లా గొమేరా ప్రజలు రెండవ మార్గాన్ని పట్టారు. సిల్బో గొమేరో అని పిలిచే వారి ఈల నోటి ఆకారాన్ని అనుకరిస్తుంది. వేలిని నోటిలో ఉంచి ఈల వేస్తూనే, నాలుకను మాటాడేటప్పుడు కదిలించినట్లే కదిలిస్తారు. నాలుక ముందుకు జరిగితే దాని ముందున్న ఖాళీ చిన్నదై ఈల హెచ్చుతుంది. వెనుకకు జరిగితే ఆ ఖాళీ పెరిగి ఈల తగ్గుతుంది.

దీనిని పరీక్షించడానికి లా గొమేరాకు వెళ్లనక్కరలేదు. ఇ, ఎ, అ, ఒ, ఉ అనే అచ్చులను వరుసగా, గొంతు కలపకుండా గుసగుసగా పలికితే చాలు. గొంతు కంపించకపోయినా మెట్లు దిగుతున్నట్లుగా స్థాయి తగ్గుతూ వినిపిస్తుంది. ఆ మెట్లనే ఈల పట్టుకుంటుంది. ‘ఇ’కి అన్నిటికంటె హెచ్చు ఈల, ‘ఎ’కి కాస్త తక్కువ, ‘అ’కి నడిమి స్థాయి, ‘ఒ’, ‘ఉ’లకు అడుగు స్థాయి. సిల్బోలో ఎన్ని అచ్చులు నిజంగా వేరుపడతాయన్న దానిపై పండితులు ఏకీభవించలేదు. 1978లో రమోన్ త్రుహీయో రెండే అన్నారు: పైవి, కిందివి. పలు దేశాలలో ఈల భాషలను కొలిచిన ఫ్రెంచ్ పరిశోధకుడు జూలియెన్ మేయర్ ఇ, ఎ, అ అనే మూడింటితోపాటు ‘ఒ–ఉ’ జంటను కలిపి నాలుగు వర్గాలను గుర్తించారు.

ఈలలు సాధారణంగా 1000 నుంచి 4000 హెర్ట్జుల మధ్య ఉంటాయి. గాలి, వాగుల రొద ఎక్కువగా అంతకంటె కింది స్థాయిలో ఉంటుంది. పైగా ఈలలోని శక్తి అంతా ఒక్క సన్నని పట్టీలో కేంద్రీకృతమవుతుంది. ఎంత పెద్దగా పిలిచినా అందని లోయ అవతలికి ఈల చేరడానికి ఇవే కారణాలు.

హల్లుల నుంచి మిగిలేది

హల్లు ఈలలో తనంతట తాను వినిపించదు. పక్కనున్న అచ్చుల ఈలను అది ఎటు వంచుతుంది, మధ్యలో తెంపుతుందా లేదా అన్నవే దాని ఆనవాళ్లు. నాలుక కొన దంతాల వద్దకో, వాటి వెనుకకో వెళ్లి పలికే త, ట, న, ల, స వంటివి ఈలను పైకి లాగుతాయి. పెదవులతో పలికే ప, మ, నాలుక వెనుక భాగంతో పలికే క వంటివి కిందికి లాగుతాయి. ప, త, క వంటి హల్లుల వద్ద ఊపిరి ఆగుతుంది కనుక ఈల తెగుతుంది. ల, న వంటి వాటి వద్ద అది వంగినా తెగకుండా సాగుతుంది. త్రుహీయో లెక్క ప్రకారం సిల్బోలో స్పానిష్ హల్లులన్నీ ఈ రెండు ప్రమాణాలతో నాలుగు గుంపులుగా కుదించుకుపోతాయి.

ఈ సూత్రాలను తెలుగుకు అన్వయిస్తే లాభనష్టాలు స్పష్టమవుతాయి. తెలుగు వ్యాకరణం క చ ట త ప లను పరుషాలని, గ జ డ ద బ లను సరళాలని విడదీసింది. ఈ రెంటి మధ్య ప్రధానమైన తేడా గొంతు కంపించడం. ఈలలో గొంతే లేదు కనుక ఆ తేడాకు ఆధారం పోతుంది. మహాప్రాణాలు అల్పప్రాణాలలో కలిసిపోతాయి. ల–ళ, న–ణ వంటి సన్నని భేదాలు కూడా నిలవడం కష్టం.

నిలిచేది కాలం. హ్రస్వం పొట్టి ఈల, దీర్ఘం పొడుగు ఈల. ద్విత్వాక్షరం వద్ద ఈల తెగిన ఖాళీ ఎక్కువసేపు ఉంటుంది. ‘గుడి’, ‘గుడ్డి’ అన్న రెండు మాటలలోనూ ఈల అడుగున మొదలై, తెగి, పైస్థాయిలో తిరిగి వినిపిస్తుంది. రెండవదానిలో మధ్యనున్న మౌనం పెద్దది. చెవికి ఆ తేడా చాలు. ‘నీళ్లు’, ‘వీళ్లు’ కూడా వేరుపడతాయి. మొదటిది పైస్థాయిలోనే మొదలవుతుంది. రెండవదానిలో ‘వ’ పెదవుల హల్లు కనుక ఈల కిందినుంచి ఎగసి ‘ఈ’ని చేరుతుంది.

ఇక కొండవాలుపై ఉన్న మనిషికి ‘గుడి పక్కకు రండి’ అని ఈల వేశారనుకుంటే చిక్కు వస్తుంది. ‘కుడి పక్కకు రండి’ అన్నా దాదాపు అదే ఈల. గ, క రెండూ నాలుక వెనుక భాగంతో పలికేవే, రెండింటి తరువాతా ‘ఉ’, ఆపైన ‘డి’. వాక్యం మొదట ముందు ఈలేదీ ఉండదు కనుక అది తెగిన జాడ కూడా దొరకదు. మాట తప్పుగా అందితే మనిషి వేరే దారి పడతాడు. ఇటువంటి చోట్ల ఈలను గట్టిగా వేయడం వల్ల ప్రయోజనం లేదు. గట్టిదనం పోయిన ధ్వనిభేదాన్ని తెచ్చిపెట్టదు. మాటనే పెంచవలసి ఉంటుంది. ‘గుడి, గోపురం ఉన్న వైపు’ అంటే ‘కుడి’ అన్న అర్థం దానంతటదే తొలగిపోతుంది. ఈల భాషలలో సందేశాన్ని తిరిగి చెప్పించుకోవడం, తెలిసిన సందర్భంపై ఆధారపడడం పరిపాటి. డోలు భాషలలో ఈ మాటలు పెంచడమే ఒక శాస్త్రంగా ఎదిగింది.

డోలు: స్థాయి, లయ

నేటి కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో, కిసంగానీకి సమీపాన కాంగో నది వెంట ఉండే లొకేలే ప్రజల డోలు తోలుతో బిగించినది కాదు. అది తొలిచిన దుంగ. పైన సన్నని చీలిక, దానికి ఇరువైపులా మందంలో తేడా ఉన్న రెండు అంచులు. ఒక అంచుపై కొడితే హెచ్చు స్థాయి, రెండవదానిపై కొడితే తగ్గు స్థాయి. వారి కెలె భాషలో ప్రతి అక్షరానికీ హెచ్చో తగ్గో నిర్ణయమై ఉంటుంది. ‘లిసక’ అన్న మూడక్షరాల పదాన్ని అంతటా తగ్గు స్థాయిలో పలికితే నీటి మడుగు. చివరి అక్షరం హెచ్చితే వాగ్దానం. చివరి రెండూ హెచ్చితే విషం. బ్రిటిష్ మిషనరీ జాన్ కారింగ్టన్ అక్కడ ఏళ్ల తరబడి నివసించి, ఆ డోలు భాషను నేర్చి, 1949లో పుస్తకం రాశారు. డోలు మోగించేది ఈ హెచ్చుతగ్గులనే అని ఆయన వివరించారు.

అచ్చు హల్లులు పూర్తిగా పోయి హెచ్చుతగ్గులు మాత్రమే మిగిలితే పదాలు గుంపులు గుంపులుగా ఒకటైపోతాయి. చంద్రుడికి కెలెలో ఉన్న పదం రెండు హెచ్చు అక్షరాలు. కోడికి ఉన్న పదమూ రెండు హెచ్చు అక్షరాలే. అందుకని డోలు వాయించేవారు ఒంటరి పదాన్ని వాడరు. చంద్రుడికి ‘భూమి వైపు చూసే చంద్రుడు’ అనే అర్థంలో, కోడికి ‘కియోకియో అనే చిన్న కోడి’ అనే అర్థంలో స్థిరపడిన పదబంధాలను వాయిస్తారు. పదబంధం పొడవైన కొద్దీ హెచ్చుతగ్గుల వరుస పెరిగి, మరొకదానితో కలిసిపోయే అవకాశం తగ్గుతుంది. బయటివారికి ఇది కవితాలంకారంగా కనిపించింది. నిజానికి అది పోయిన హల్లులకు కట్టిన మూల్యం.

నైజీరియాలోని యొరూబా ప్రజల డుండున్ డోలు మరో అడుగు ముందుకు వేసింది. డమరుకంలా నడుము సన్నగా ఉండే ఆ డోలుకు రెండు ముఖాలను కలిపే తాళ్లుంటాయి. వాటిని చంకతో నొక్కితే తోలు బిగిసి స్థాయి పెరుగుతుంది. దుంగ డోలు రెండు స్థాయిలను విడివిడిగా మాత్రమే ఇవ్వగలదు. డుండున్ ఆ భాషలోని మూడు స్థాయిలతోపాటు ఒకదాని నుంచి మరొకదానికి జారే కదలికను కూడా చూపగలదు.

తెలుగు పాఠకులకు అన్నింటికంటె దగ్గరగా తోచేది కొలంబియా, పెరూ దేశాల అమెజాన్ అడవులలోని బోరా ప్రజల డోలు. మంగ్వారె అని పిలిచే జంట దుంగలపై వారు వాయించే సందేశం 20 కిలోమీటర్ల వరకు వినిపిస్తుంది. బోరా భాషలో రెండే స్థాయిలు. కెలె పరిస్థితే ఇక్కడా ఎదురుకావాలి. కాని ఫ్రాంక్ జైఫార్ట్, జూలియెన్ మేయర్ తదితరులు 2018లో ప్రచురించిన పరిశోధనలో మరో ఆధారం బయటపడింది. దెబ్బకూ దెబ్బకూ నడుమ విరామం అంతటా సమానంగా లేదు. మాటలో ఒక అచ్చు నుంచి తరువాతి అచ్చు వరకు పట్టే కాలాన్ని అది అనుసరిస్తున్నది. అచ్చు దీర్ఘమా, మధ్యలో ఒక హల్లు ఉందా, రెండున్నాయా అన్నదాన్ని బట్టి విరామం నాలుగు రకాలుగా మారుతుంది. హల్లు ఏదో డోలు చెప్పదు. అక్కడ ఎన్ని హల్లులున్నాయో మాత్రం మౌనం చెబుతుంది. పదాలను వేరుపరచడంలో స్థాయి కంటె ఈ లయే కీలకమని ఆ పరిశోధకులు తేల్చారు.

ఛందస్సు చదివిన తెలుగువారికి ఈ లెక్క కొత్త కాదు. దీర్ఘాక్షరం గురువు, జంట హల్లుకు ముందున్న అక్షరం కూడా గురువు, తక్కినవి చాలావరకు లఘువులు. ‘గుడి’ రెండు లఘువులు, ‘గుడ్డి’ గురువు, లఘువు. బోరా డోలు విరామాలతో గణవిభజన చేస్తున్నదనవచ్చు. అయితే గణాలు మాత్రమే మిగిలితే ఏమవుతుందో కూడా ఛందస్సే చూపుతుంది. ‘రాముడు’, ‘కోకిల’ రెండూ భగణాలే. ‘గుడి’, ‘నది’, ‘పులి’ మూడింటికీ రెండేసి లఘువులే. తెలుగుకు తోడుగా హెచ్చుతగ్గుల ఆధారం కూడా లేదు. కనుక లయనొక్కదానినే నమ్ముకొని తెలుగు వాక్యాన్ని డోలుపై పంపితే వినేవారికి పద్యపాదం తూకం అందుతుంది, పదాలు అందవు.

భాష కానివి ఏవి?

తెలుగు నేలపై డప్పుకు పెళ్లికొక దరువు, చావుకొక దరువు, జాతరకొక దరువు ఉన్నాయి. దూరాన దరువు వినగానే ఊరికి సంగతి తెలుస్తుంది. అయినా అది రైలు కూత జాతికి చెందినదే. దరువులో ‘పెళ్లి’ అనే పదం ధ్వనులు లేవు. దండోరా వేసేవారు డప్పు మోగించిన తరువాత సంగతిని నోటితో చాటవలసి రావడమే ఇందుకు నిదర్శనం. మృదంగ విద్వాంసులు పలికే ‘తకధిమి’ వంటి సొల్లుకట్టు దీనికి తలకిందులు. అక్కడ నోరు మృదంగాన్ని అనుకరిస్తుంది, మృదంగం మాటను కాదు.

మేఘాలయలోని తూర్పు ఖాసీ కొండల జిల్లాలో ఉన్న కాంగ్‌థాంగ్‌ను ఈలల గ్రామమని వార్తలలో తరచు వ్యవహరిస్తారు. అక్కడ ప్రతి బిడ్డకూ తల్లి ఒక రాగాన్ని కడుతుంది. ఇంట పిలవడానికి పొట్టి రూపం, అడవిలో పిలవడానికి పొడుగు రూపం ఉంటాయి. ప్రపంచంలో అరుదైన ఆచారమే ఇది. కాని ఆ రాగం బిడ్డకు పెట్టిన మామూలు పేరులోని అక్షరాల నుంచి పుట్టినది కాదు. రాగమే మరొక పేరు. దానితో ఫలానావారిని పిలవవచ్చు. ‘రేపు బియ్యం తీసుకురా’ అని చెప్పడానికి ఆ పద్ధతి ఉద్దేశించినది కాదు.

ఈ రెండింటినీ వేరుచేయడానికి క్షేత్రంలో ఒక సులువైన మార్గముంది. పొరపాట్లను గమనించడమే. మూడు కూతలను నాలుగుగా పొరబడితే అది సంకేతం. ఆ రెండు ఆజ్ఞల పేర్లు ఒకేలా వినిపించనవసరం లేదు. ‘గుడి’ని ‘కుడి’గా పొరబడితే అది భాష, పొరపాటు సరిగ్గా ఏ ధ్వనిభేదం పోయిందో అక్కడే జరిగింది. వినేవారికి పరిచయం లేని ఊరి పేరునో, మునుపెన్నడూ వినని వాక్యాన్నో ఈలతో పంపి, అవతలి మనిషి దానిని నోటితో తిరిగి చెప్పగలడేమో చూడడం రెండవ పరీక్ష.

భాషపై ఇంతగా ఆధారపడడం వల్ల ఈ పద్ధతులకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. మాతృభాషను వదిలి మరో భాషకు మారిన తరానికి తాతల డోలు దెబ్బలు వినిపించినా అర్థం కావు. విప్పుకొని చూడడానికి కింద పదాలు ఉండవు. సిల్బోకు ఆ బెడద లేదు, ఎందుకంటే స్పానిష్ ఎక్కడికీ పోలేదు. దానిని దెబ్బతీసినవి రోడ్లు, టెలిఫోన్లు. 1999లో లా గొమేరా పాఠశాలలలో సిల్బోను తప్పనిసరి పాఠ్యాంశం చేశారు. 2009లో యునెస్కో దానిని మానవాళి అవ్యక్త వారసత్వ జాబితాలో చేర్చింది. టర్కీలో నల్లసముద్ర తీర పర్వతాలలో, పక్షుల ఊరు అనే అర్థమున్న కుష్‌కోయ్ గ్రామం పరిసరాలలో వాడే టర్కిష్ ఈల భాష 2017లో యునెస్కో గుర్తింపు పొందింది. అయితే దానికి దక్కినది అత్యవసరంగా కాపాడవలసిన వాటి జాబితాలో స్థానం. అందుకు చూపిన ప్రధాన కారణాలలో సెల్‌ఫోన్ ఒకటి.